ముక్కు స్ప్రే వేస్తే గానీ నిద్ర పట్టట్లేదా? ఒక్కో ముక్కు చొప్పున మానేసే పద్ధతి ఇదీ

నేను మెడికల్ షాపు కౌంటర్ వెనకాల కూర్చుంటాను. వారంలో కనీసం ముగ్గురు నలుగురు ఇదే అడుగుతారు: "స్ప్రే వేస్తే పది నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, రెండు మూడు గంటలకి మళ్లీ మూసుకుపోతుంది, ఇంకా స్ట్రాంగ్‌ది ఏమైనా ఉందా?" ఇంకా స్ట్రాంగ్‌ది అక్కర్లేదండీ, ఆ దిబ్బడ ఇప్పుడు జలుబు వల్ల రావట్లేదు, ఆ స్ప్రే వల్లే వస్తోంది. డాక్టర్లు చీటీలో రైనైటిస్ మెడికమెంటోసా అని రాస్తారు, మందు వల్ల వచ్చిన ముక్కు దిబ్బడ అని అర్థం. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్తే ఎవరికీ పూర్తిగా గుర్తుండట్లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు రెండు ముక్కల్లో ఎందుకిలా అవుతుందో చెప్పేస్తాను. ముక్కు లోపల రెండు పక్కల గోడలకీ మెత్తటి కండ మడతలుంటాయి, వాటి నిండా సన్న రక్తనాళాలే. జలుబు చేస్తే వాటిలోకి రక్తం చేరి మడతలు ఉబ్బుతాయి, అదే దిబ్బడ. చాలామంది చీమిడి అడ్డం పడిందనుకుని చీదుతూనే ఉంటారు, నిజానికి అక్కడ చీదడానికి ఏమీ ఉండదు. స్ప్రేలోని మందు ఆ నాళాల్ని బిగించేస్తుంది, మడత ముడుచుకుంటుంది, గాలి ఆడుతుంది. ఇలా రోజూ బిగిస్తూ పోతే నాళాలు ఆ మందుకి సరిగ్గా పలకడం మానేస్తాయి, మందు దిగిపోగానే ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మొదట్లో పది పన్నెండు గంటలు పనిచేసింది ఆరు గంటలకి, తర్వాత రెండు గంటలకి వచ్చేస్తుంది. అందుకే డబ్బా మీద మూడు రోజులో అయిదు రోజులో అని రాస్తారు. కొందరికి వారం పది రోజులు వాడినా ఏమీ కాదు, కానీ మీరు ఏ రకమో వాడి చూస్తే గానీ తెలీదు, కాబట్టి మూడు రోజులు అనే పెట్టుకోండి.

మా తమ్ముడి సంగతి మధ్యమధ్యలో చెప్తాను, ఎందుకంటే వాడికి మొదటి సీసా ఇచ్చింది నేనే, ఇచ్చేటప్పుడు మూడు రోజులకి ఆపెయ్ అన్న ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట చెప్పనందుకు వాడు పదకొండు నెలలు అవస్థ పడ్డాడు. ఒక సీసా దిండు కింద, ఒకటి ఆఫీసు బ్యాగులో, ఒకటి బండి డిక్కీలో ఉండేవి. రాత్రి సీసా ఖాళీ అయిందని తెలిస్తే పన్నెండింటికైనా తెరిచి ఉన్న మందుల షాపు వెతుక్కుంటూ వెళ్లేవాడు.

కావలసినవి

- మీరు వాడుతున్న స్ప్రే సీసా, దాని మీద తేదీ రాయడానికి ఒక పెన్ను
- డాక్టర్ రాసిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రే (ఫ్లూటికాసోన్ గానీ మొమెటాసోన్ గానీ)
- ఉప్పునీటి స్ప్రే, లేదా ముక్కు కడిగే సీసా, దానికి ప్యాకెట్లు
- ఒక పాత క్యాలెండర్, చల్లటి స్టీలు పళ్లెం ఒకటి, అదనంగా ఒక దిండు
- మూడు నాలుగు వారాల టైము, అందులో పరీక్షలూ పెళ్లి పనులూ రాత్రి డ్యూటీలూ లేని ఒక వారం

1. మీ చేతిలో ఉన్నది ఏ స్ప్రేనో చూసుకోండి

ముక్కు స్ప్రేలన్నీ ఒకటి కాదు, ఇక్కడే సగం మంది తికమక పడతారు. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. క్సైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్, నాఫజోలిన్, ఇలా చివర "జోలిన్" అని ఉంటే మనం మాట్లాడుకుంటున్న మందు అదే. పేరు చివర "సోన్" అని గానీ, బుడెసొనైడ్ అని గానీ ఉంటే అది స్టెరాయిడ్ స్ప్రే, దానితో ఈ తిరగబెట్టే దిబ్బడ రాదు. సోడియం క్లోరైడ్ అని మాత్రమే ఉంటే ఉత్త ఉప్పునీరు, ఎన్నాళ్లు వాడినా అలవాటు కాదు.

జాగ్రత్త, ఒకే బ్రాండు పేరుతో జోలిన్ సీసా, ఉప్పునీటి సీసా రెండూ దొరుకుతాయి, డబ్బా రంగులు కూడా దగ్గరగా ఉంటాయి. "నేను మానేశానండీ, ఉప్పునీరే వాడుతున్నా" అన్న ఒక పెద్దాయన చేతిలో సీసా తిప్పి చూస్తే క్సైలోమెటాజోలిన్ 0.1 శాతం అని ఉంది.

2. మీది స్ప్రే వల్ల వచ్చిన దిబ్బడేనా?

ఈ నాలుగూ చూసుకోండి. వారం పది రోజులకి మించి రోజూ వేస్తున్నారు. వేసిన మందు పనిచేసే టైము నెలనెలా తగ్గుతోంది. దిబ్బడ ఉంది గానీ తుమ్ములు, నీళ్లు కారడం, జ్వరం పెద్దగా లేవు. స్ప్రే దగ్గర లేదంటేనే కంగారు పుడుతోంది. మొదటి రెండూ ఉంటే దాదాపు ఇదే.

ఇంకో లెక్క కూడా ఉంది. 10 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 70 నుంచి 100 నొక్కుళ్లు వస్తాయి. ఒక జలుబుకి మూడు రోజులపాటు పూటకి ముక్కుకో నొక్కు చొప్పున రోజుకి రెండు మూడు సార్లు వేసినా ఇరవై లోపే. అంటే సీసాలో మూడో వంతు కూడా అవ్వకూడదు. ఒక్క జలుబుకి సీసా ఖాళీ అయిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. మా తమ్ముడికి నెలకి నాలుగు సీసాలు పట్టేవి.

3. సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన వాళ్లు

బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య, కొన్ని రకాల డిప్రెషన్ మందులు, గర్భం, ఇవి ఉన్నవాళ్లు ఈ జోలిన్ మందు ఇంకో రోజు వేసే ముందు కూడా అడగాలి, నాళాల్ని బిగించే గుణం ముక్కుతోనే ఆగకపోవచ్చు. పిల్లల విషయం పూర్తిగా వేరు, డాక్టర్ చెప్పకుండా వాళ్ల ముక్కులో పెద్దవాళ్ల సీసా వెయ్యకండి. చిన్నపిల్లలు ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా మత్తు, గుండె నెమ్మదించడం, ఊపిరి ఆడకపోవడం దాకా వెళ్తుంది, అప్పుడు తగ్గుతుందేమో చూద్దాం అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి. దిండు కింద సీసా పెట్టుకునే ఇంట్లో పాకే పిల్లలుంటే ఈ రోజే దాన్ని పై అరలోకి మార్చండి.

ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోవడం, పదేపదే రక్తం రావడం, ముక్కులోంచి చెడు వాసన, కంటి చుట్టూ వాపు లేదా చూపులో తేడా, వీటిలో ఏదైనా ఉంటే ఈ పద్ధతి మీకు కాదు, ఈఎన్‌టీ డాక్టర్ లోపల చూడాలి.

4. మానే ముందు వారం: స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టడం

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఇవాళ జోలిన్ ఆపేసి ఇవాళే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెడతారు, రెండో రోజుకి "ఇది పనిచెయ్యట్లేదు" అని పక్కన పడేస్తారు. స్టెరాయిడ్ స్ప్రే నిమిషాల్లో పనిచేసే మందు కాదు, లోపలి వాపుని మెల్లగా దించుతుంది, పూర్తి బలం రావడానికి వారం రెండు వారాలు పడుతుంది. కాబట్టి జోలిన్ ఇంకా నడుస్తుండగానే దీన్ని మొదలుపెట్టి కనీసం ఒక వారం రెండూ కలిపి నడపండి. మూసుకుపోయిన ముక్కులో కొడితే స్టెరాయిడ్ లోపలికి పోదు కదా, అందుకే ఆ వారం జోలిన్ వేసి ఐదు పది నిమిషాలు ఆగి, ముక్కు తెరుచుకున్నాక ఇది వెయ్యండి.

పెద్దవాళ్లకి మామూలుగా ఒక్కో ముక్కులో రెండు నొక్కులు, రోజుకి ఒక్కసారే, మీ చీటీలో వేరేగా ఉంటే అదే ఫాలో అవ్వండి. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి మానేసేవాళ్లు చాలామంది. ఇందులో రోజు మొత్తానికి పడేది మైక్రోగ్రాముల్లో, అదీ ఎక్కువ భాగం ముక్కులోనే ఉండిపోతుంది, మాత్రల రూపంలో మింగే స్టెరాయిడ్‌తో దీన్ని కలపకండి.

కొట్టే పద్ధతి ముఖ్యం. తల వెనక్కి వాల్చకండి, గడ్డం కాస్త కిందకి దించండి. ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో కొట్టండి, అప్పుడు మూతి దానంతటదే ఆ పక్క చెవి వైపు తిరుగుతుంది. మధ్య గోడ మీద పడితే కొన్ని రోజులకి మంట, రక్తపు చారలు వస్తాయి. కొట్టాక గట్టిగా పీల్చకండి, మెల్లగా ఊపిరి తీసుకుంటే చాలు. గొంతులో చేదు తగిలిందంటే మందు ముక్కు దాటి వెళ్లిపోయిందన్నమాట.

5. ఉప్పునీరు

ఉప్పునీటి స్ప్రే రోజుకి ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఒట్టి చెయ్యి పాత సీసా వైపు పోయినప్పుడల్లా దీన్ని అందుకోండి. జలనేతి లాగా కడిగే అలవాటున్నవాళ్లు అలాగే కడుక్కోవచ్చు, కానీ నీళ్ల విషయంలో గట్టిగా చెప్తున్నాను: కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, ఆర్వో నీళ్లు నేరుగా వద్దు. తాగడానికి పనికొచ్చే నీరు ముక్కుకి పనికి రాకపోవచ్చు, అరుదుగానే అయినా మెదడుని తినేసే అమీబా అలాంటి నీళ్లతోనే ముక్కులోంచి పైకి పోతుంది. తెర్లేదాకా మరిగించి ఒక నిమిషం పైగా అలాగే ఉంచి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లార్చి వాడండి.

240 మిల్లీలీటర్ల నీళ్లకి అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూనుకి కాస్త తక్కువ, చిటికెడు వంటసోడా. మన దగ్గర కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్ ఉప్పు దాదాపు అంతా అయోడిన్ కలిపిందే, కళ్లుప్పులో మట్టి ఉంటుంది, అందుకని మందుల షాపులో దొరికే కొలిచిన ప్యాకెట్లే సుఖం. కడిగాక మెల్లగా చీదేసి, పావుగంట ఆగి స్టెరాయిడ్ స్ప్రే వెయ్యండి, వెంటనే వేస్తే నీళ్లతోపాటు కారిపోతుంది.

6. ఒక ముక్కులో ఆపెయ్యండి

రెండు ముక్కులూ ఒకేసారి బిగుసుకుపోతే రాత్రి నోటితో ఊపిరి తీసుకుంటూ, గొంతు ఎండిపోయి, రెండింటికి లేచి కూర్చుంటారు. ఆ రాత్రే అందరూ ఓడిపోయేది. అందుకే ఒక పక్క మాత్రం ఆపుతాం. మందు ఏ పక్క వేస్తే ఎక్కువగా ఆ పక్కే పనిచేస్తుంది కాబట్టి రెండో పక్క గాలి ఆడుతుంది, నిద్ర పడుతుంది.

రెండింట్లో కాస్త బాగున్న పక్కని ముందు ఎంచుకోండి. ఆ పక్కకి స్టెరాయిడ్, ఉప్పునీరు మాత్రమే. రెండో పక్కకి జోలిన్ ఎప్పటిలాగే, కానీ పెంచకూడదు, ఈ పక్క బాధకి ఆ పక్క రెండు నొక్కులు ఎక్కువ కొట్టడం చాలామంది చేసే పొరపాటు.

క్యాలెండర్ మీద రోజూ పొద్దున ఒకటి రాత్రి ఒకటి మార్కు వెయ్యండి, 0 అంటే హాయిగా ఉంది, 10 అంటే పూర్తిగా మూసుకుపోయింది. మా తమ్ముడు కుడి పక్క ఆపాడు. మొదటి రాత్రి 9. రెండు, మూడు రోజులు 9, 9. నాలుగో రోజు ఫోన్ చేసి "అక్కా, ఏం తేడా లేదు, నా వల్ల కాదు" అన్నాడు. క్యాలెండర్ ఫోటో పెట్టమన్నాను, చూస్తే ఆ పొద్దున మార్కు 7 ఉంది, వాడే వేసి వాడే గమనించలేదు. ఆరో రోజు 5, తొమ్మిదో రోజు 3. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, చాలామందికి మూడు నుంచి ఏడు రోజుల మధ్య మలుపు తిరుగుతుంది, ఏళ్ల తరబడి వాడినవాళ్లకి రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు.

రాత్రిళ్లకి: తల కింద ఇంకో దిండు పెట్టి ఎత్తుగా పడుకోండి, చదునుగా పడుకుంటే ముక్కులోకి రక్తం చేరి దిబ్బడ ఎక్కువవుతుంది. ఆపిన పక్క పైకి ఉండేలా పక్కకి తిరిగి పడుకోండి. ఏసీ గాలి నేరుగా మొహం మీద పడకుండా చూసుకోండి. ఆవిరి పట్టడం వల్ల కాసేపు హాయిగా ఉంటుంది గానీ వాపు దిగదు, మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని కాలిన వాళ్లని చూశాను, పట్టాలనుకుంటే గిన్నె బల్ల మీదే ఉండాలి. బామ్ రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అది మెంథాల్ వల్ల కలిగే చల్లదనం, నిజంగా దారి పెరగదు. అయినా నిద్రపోవడానికి సాయం చేస్తే రాసుకోండి, తప్పులేదు, కానీ ముక్కు లోపల పెట్టకండి.

ఒక రాత్రి తట్టుకోలేక ఆపిన పక్క ఒక నొక్కు వేసేశారే అనుకోండి, అంతా పోయిందని రెండు పక్కలా మళ్లీ మొదలుపెట్టెయ్యకండి. క్యాలెండర్‌లో రాసుకుని మర్నాటి నుంచి కొనసాగించండి.

7. నిజంగా తెరుచుకుందో లేదో చూసే పద్ధతి

మన ఫీలింగ్‌ని నమ్మలేం, అందుకే పళ్లెం. స్టీలు పళ్లేన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తుడిచి, పై పెదవికి ఆనించి పట్టుకుని నోరు మూసుకుని ముక్కుతో ఒకసారి మెల్లగా ఊపిరి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఏ పక్క గాలి ఎక్కువ వస్తే ఆ మచ్చ పెద్దది. మొదటి రోజు మా తమ్ముడికి కుడి పక్క మచ్చే లేదు, రూపాయి బిళ్లంత కూడా పడలేదు. తొమ్మిదో రోజుకి రెండూ ఇంచుమించు ఒకే సైజు.

ఒక్కసారి చూసి నిర్ణయించుకోకండి. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో కూడా కొన్ని గంటలు ఒక పక్క, కొన్ని గంటలు ఇంకో పక్క కాస్త బిగుసుకోవడం మామూలే, అందరికీ జరుగుతుంది, పట్టించుకోం అంతే. స్ప్రే మానినవాళ్లు మాత్రం దాన్నే పట్టుకుని "మళ్లీ వచ్చేసింది" అని కంగారు పడతారు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు చూడండి. మచ్చలు పెద్దా చిన్నా మారుతూ ఉంటే బాగున్నట్టే. ఒకే పక్క ఎప్పుడూ మచ్చ లేకపోతే ముక్కు మధ్య గోడ వంకరో, పాలిప్ అనే కండ పెరుగుదలో ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

8. రెండో ముక్కు

ఆపిన పక్క మార్కు వరుసగా మూడు రోజులు 3 లేదా అంతకన్నా తక్కువ ఉంటే రెండో పక్క కూడా ఆపెయ్యండి. ఈసారి సుళువుగా ఉంటుంది, ఎందుకంటే ఒక పక్క మీ సొంత ముక్కుతో గాలి ఆడుతోంది, స్టెరాయిడ్ కూడా రెండు వారాలుగా పనిచేస్తోంది. మా తమ్ముడు పన్నెండో రోజు ఎడమ పక్క ఆపాడు, ఆరు రోజుల్లో 4కి వచ్చింది.

సీసాలన్నీ ఆ రోజే పారెయ్యండి, బ్యాగులోది బండిలోది కూడా. పిల్లలకి అందేలా చెత్తబుట్టలో పెట్టకండి.

వేరే దారులు

రెండు మూడు వారాలే వాడినవాళ్లు రెండు పక్కలా ఒకేసారి ఆపేసినా నాలుగైదు రోజుల్లో బయటపడతారు, శుక్రవారం రాత్రి మొదలుపెడితే కష్టమైన రెండు రోజులు సెలవులోనే పోతాయి. ఒక్కో ముక్కు పద్ధతి కూడా భరించలేనివాళ్లు డాక్టర్‌ని అడిగి సగం బలం ఉన్న పిల్లల సీసాకి మారి, తర్వాత రాత్రి పూట మాత్రమే, తర్వాత పూర్తిగా మానేలా తగ్గించుకోవచ్చు. చాలా ముదిరినవాళ్లకి ఈఎన్‌టీ డాక్టర్లు కొద్ది రోజులకి స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు, అవి షుగర్‌నీ బీపీనీ పెంచుతాయి, చీటీ లేకుండా నన్ను అడగకండి, ఏ షాపులోనూ అడగకండి.

స్ప్రే బదులు జలుబు మాత్రలకి మారడం దారి కాదు. వాటిలో ఉండే ఫినైలెఫ్రిన్ నోటితో మింగితే దిబ్బడకి పనిచెయ్యట్లేదని 2023లో అమెరికా మందుల సంస్థ నిపుణుల కమిటీ తేల్చింది.

ఆపాక

స్టెరాయిడ్ స్ప్రేని దిబ్బడ పోయిన రోజే ఆపకండి, డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడండి. అసలు జలుబు తగ్గినా మీరు స్ప్రే ఎందుకు కొనసాగించారో కూడా ఇప్పుడే బయటపడుతుంది. మా తమ్ముడికి దిబ్బడ పోయిన రెండో వారంలో పొద్దున్నే వరుసగా తుమ్ములు మొదలయ్యాయి, ముక్కు దురద, పాత పుస్తకాలు దులిపితే నీళ్లు. వాడికి మొదటి నుంచీ దుమ్ము ఎలర్జీ ఉందన్నమాట, జోలిన్ దాన్ని పదకొండు నెలలు కప్పేసింది. ఇప్పుడు దానికి తగ్గ మందు వాడుతున్నాడు.

మళ్లీ జలుబు చేస్తే? ఒకసారి ఇలా అయినవాళ్లకి కొద్ది రోజుల వాడకంతోనే తిరగబెట్టొచ్చు, కాబట్టి ఉప్పునీటితోనే నెట్టుకురావడం మంచిది. తప్పనిసరై వాడితే సీసా తెరిచిన రోజు తేదీ, ఆపాల్సిన తేదీ రెండూ సీసా మీదే రాయండి. నేనిప్పుడు ఈ సీసా ఎవరికి ఇచ్చినా స్కెచ్ పెన్నుతో ఆపాల్సిన తేదీ రాసే ఇస్తున్నాను. నిన్న ఒకావిడ ఆ తేదీ చూసి "ఎక్స్‌పైరీ ఇంత దగ్గరలో ఉన్నది ఇస్తారేంటమ్మా" అని గొడవ పెట్టుకుంది. కూర్చోబెట్టి అంతా చెప్పాను, సీసా పక్కన పెట్టేసి ఉప్పునీరు తీసుకెళ్లింది.